గుడి ఫోటోలో కాలం ఎక్కడ దాగి ఉంటుంది?

ప్రయాణం నుంచి తిరిగొచ్చిన కొన్నేళ్లకు ఫోన్ తెరిస్తే పేరు లేని గుడి ఫోటోలు బోలెడు కనిపిస్తాయి. ఊరు గుర్తుండదు, ఎవరు కట్టించారో అసలే గుర్తుండదు. అప్పుడు చాలామంది చేసే పని గోపురం చూసి "ఇది కృష్ణదేవరాయలు కట్టించిందే అయుంటుంది" అనేయడం. ఎత్తయిన గోపురం ఉంటే విజయనగరం, నల్లరాయి నునుపుగా మెరిస్తే కాకతీయులు, చాలా పెద్దగా ఉంటే చోళులు. ఈ ఊహలు అప్పుడప్పుడు నిజమవుతాయి. కానీ కాలాన్ని నమ్మకంగా చెప్పే భాగం గోపురం కాదు. మండపంలో స్తంభం తలకూ పైనున్న దూలానికీ మధ్య జానెడు, మూరెడు చోటు ఉంటుంది చూడండి, ఆ చోటు చెప్పినంత కచ్చితంగా గుడిలో మరే భాగమూ చెప్పదు. దక్షిణాది రాతి ఆలయాల విషయంలో ఇది దాదాపు నియమం. అక్కడిదాకా ఎలా వెళ్లాలో, వెళ్లాక ఏం చూడాలో, ఎక్కడ పొరబడతామో ఈ వ్యాసం విషయం.

ముందు గోపురాన్ని ఎందుకు నమ్మకూడదో చూద్దాం. విజయనగర కాలపు పెద్ద గోపురాల్లో కింది ఒకటి రెండు అంతస్తులే రాయి. ఆ పైదంతా ఇటుక, సున్నం, గచ్చు బొమ్మలు. బరువు తగ్గించడానికి అలా కట్టారు, లేకపోతే పునాది మోయలేదు. ఇటుక కట్టడానికి ఆయుష్షు తక్కువ. సున్నం పగిలిన చోట రావి మొలకెత్తుతుంది, వేరు లోపలికి దిగుతుంది, వాన నీరు ఆ దారినే వెళుతుంది. అందుకే ప్రతి కొన్ని తరాలకూ గోపురం పైభాగానికి మరమ్మతు తప్పదు, బొమ్మలు కొత్తగా చేస్తారు, రంగులు కొత్తగా వేస్తారు. ఫోటోలో మనకు కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది ఆ కొత్త భాగమే. శ్రీకాళహస్తి రాజగోపురం దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన ఆ గోపురం 2010 మే నెలలో కూలిపోయింది. అదే చోట కొత్తది కట్టి 2017లో కుంభాభిషేకం చేశారు. 2009లో తీసిన ఫోటోలో ఉన్నది 16వ శతాబ్దపు గోపురం, 2019లో తీసిన ఫోటోలో ఉన్నది 21వ శతాబ్దపు గోపురం. తీసినవాళ్లు నిలబడిన చోటు మాత్రం ఒకటే.

తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరాలయం దీనికి అవతలి కొస. అక్కడి గోపురాలు పూర్తికాకుండా రాతి భాగం దగ్గరే ఆగిపోయాయి. ఫోటో చూసినవాళ్లు అది కూలిన గోపురం అనుకుంటారు. నిజానికి ఇటుక పని మొదలే కాని గోపురం అది. కాలాన్ని చెప్పగల రాతి చెక్కడమంతా అందులో చేతికందే ఎత్తులో ఉంది. గోపురం ఫోటో ఒక్కటే ఉన్నప్పుడు కూడా ఇదే పద్ధతి: చూపు పైకి పోనివ్వకుండా, ద్వారం పక్కనున్న రాతి పీఠాన్నీ గోడ మీది అర స్తంభాలనూ చూడాలి.

అయితే గోపురం ఒక పెద్ద విషయం మాత్రం చెబుతుంది. గర్భగుడి మీది విమానం ఎత్తా, ద్వారం మీది గోపురం ఎత్తా అన్నదే ఆ విషయం. తంజావూరు బృహదీశ్వరాలయం 1010లో పూర్తయింది. అక్కడ విమానం సుమారు 60 మీటర్లు, ముందున్న ద్వార గోపురాలు అందులో సగం కూడా మించవు. తరువాతి శతాబ్దాల్లో ఈ లెక్క తలకిందులైంది. గర్భగుడి పాతది, పవిత్రమైనది కాబట్టి దాన్ని కదిలించరు. కొత్తగా వచ్చిన రాజు తన పేరు నిలవాలంటే బయట మరో ప్రాకారం, దానికి ఇంకా ఎత్తయిన గోపురం కట్టించాలి. అలా గుడి లోపలి నుంచి బయటికి పెరుగుతూ పోయింది. దక్షిణాదిలో ద్రావిడ పద్ధతి గుడికి చిన్న విమానం, ఆకాశమంత గోపురం ఉన్నాయంటే ఆ గోపురం 13వ శతాబ్దం ముందుది అయ్యే అవకాశం చాలా తక్కువ. లోపలి గర్భగుడి మాత్రం దానికంటే మూడు నాలుగు వందల ఏళ్లు పాతదై ఉండవచ్చు.

ఈ పోలిక చేసేటప్పుడు ఫోటో మోసం చేస్తుంది. ద్వారానికి దగ్గరగా నిలబడి ఫోన్ పైకెత్తి తీస్తే ముందున్నదే పెద్దగా పడుతుంది, వెనకున్న విమానం దాని చాటుకు పోతుంది. ప్రాకారం మూలనుంచో, పక్క నుంచో, ఏదైనా గుట్ట మీదనుంచో తీసిన ఫోటో ఉంటేనే ఎత్తుల పోలిక నమ్మాలి.

విమానం ఆకారం కూడా మొదటి వడపోతకు పనికొస్తుంది. ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల్లో చాలావాటి శిఖరం నిలువు గీతలతో, పైకి పోయేకొద్దీ లోపలికి వంగుతూ ఉంటుంది. నెత్తిన ఉసిరికాయ ఆకారంలో గాడులు పడిన పెద్ద రాతి చక్రం ఉంటుంది. దాన్ని ఆమలకం అనడం అందుకే. 7, 8 శతాబ్దాల బాదామి చాళుక్యులు ఉత్తరాది పద్ధతిని కృష్ణా తుంగభద్రల మధ్యకు తెచ్చిన గుర్తు అది. మెట్లు మెట్లుగా అడ్డ పలకలు పేర్చిన పిరమిడ్ కప్పు రెండో రకం. చిన్న చిన్న గుడి బొమ్మలతో అంతస్తులుగా లేచేది మూడో రకం, దక్షిణాదిలో ఎక్కువగా కనిపించేది అదే. ఈ ఆకారాలు పద్ధతిని చెబుతాయే గాని శతాబ్దాన్ని చెప్పవు. మెట్ల పిరమిడ్ కప్పును అనేక వందల ఏళ్లు కడుతూనే ఉన్నారు.

ఇక స్తంభం దగ్గరికి వద్దాం. తెలుగు నేల మీద తిరిగేవారికి ఎదురయ్యే స్తంభాల్లో రెండు రకాలను వేరుచేయగలిగితే సగం పని అయినట్టే.

మొదటిది కాకతీయుల కాలపు స్తంభం. హనుమకొండ వేయిస్తంభాల గుడి 1163 నాటిది, రామప్ప 1213 నాటిది. రెంటిలోనూ మండపం నడుమ స్తంభాలను చూస్తే కుమ్మరి సారె మీద తిప్పి తీసినట్టు ఉంటాయి. అడుగున చదరం, ఆ పైన గుండ్రటి గాడులు, కత్తిలా పదునైన అంచున్న పళ్లేల వంటి చట్రాలు ఒకదాని మీద ఒకటి. రాయి నల్లశానపు రాయి, అద్దంలా నునుపు. ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో స్తంభం మీద నిలువుగా తెల్లటి మెరుపు గీత పడిందంటే ఆ నునుపు వల్లే. తల దగ్గర పళ్లెంలా విచ్చుకున్న వెడల్పాటి చట్రం, దాని మీద నాలుగు దిక్కులకూ చాచిన పొట్టి చేతుల్లాంటి అడ్డరాయి ఉంటాయి. ఇదే పోలికలో ఉన్న స్తంభాలు పశ్చిమాన కల్యాణి చాళుక్యుల గుళ్లలోనూ కనిపిస్తాయి. కాకతీయులు మొదట వారి సామంతులు, శిల్ప పద్ధతి అటునుంచే వచ్చింది. కాబట్టి సారె స్తంభం కనిపిస్తే "11 నుంచి 13వ శతాబ్దం" అనడం న్యాయం. కాకతీయులే అని చెప్పాలంటే ఇంకో ఆధారం కావాలి. రామప్పలోలాగా చూరు కింద ఏటవాలుగా నిలబెట్టిన మదనికలు, అంటే నల్లరాతి స్త్రీ బొమ్మలు, అలాంటి ఆధారం. వరంగల్ కోటలోలాగా విడిగా నిలిచిన రాతి తోరణం మరొకటి.

రెండోది విజయనగర స్తంభం. ఇందులో గుండ్రదనం దాదాపు ఉండదు. ఒక చదరపు దిమ్మ, దాని మీద ఎనిమిది లేదా పదహారు పలకల ముక్క, మళ్లీ దిమ్మ, మళ్లీ పలకలు, మళ్లీ దిమ్మ. దిమ్మకున్న ప్రతి ముఖం మీదా ఒక బొమ్మ: హనుమంతుడో, గోపికో, వేటగాడో, హంసో. దిమ్మ అంచున మూలల్లో చిన్న పాము పడగలాంటి మొన ఉంటుంది. ఈ పొందికకు కారణం రాయి. ఇక్కడి బూడిదరంగు గ్రానైటు గట్టిది, గరుకుది, సన్నటి అంచుకు లొంగదు. సన్నపని చేస్తే పెళుసుగా ఊడిపోతుంది. అందుకే శిల్పులు పెద్ద పలకలుగా కోసి, బొమ్మను లోతు తక్కువగా, ఉబ్బెత్తుగా చెక్కారు. గ్రానైటు స్తంభం మీద కత్తి అంచు చట్రాలు కనిపించవు, నల్లశానపు రాతి స్తంభం మీద అవి కనిపిస్తాయి. రాతి రకం ఫోటోలో రంగుతో తెలుస్తుంది. నూనె పట్టి నల్లబడిన గ్రానైటును మాత్రం నల్లరాయి అనుకునే ప్రమాదం ఉంది. చేయి అందే ఎత్తు దాకా నలుపు, ఆ పైన బూడిద రంగు ఉంటే అది నూనె, చేతుల జిడ్డు.

16వ శతాబ్దం వచ్చేసరికి విజయనగర స్తంభానికి ముందు వైపు ఇంకో అలంకారం చేరింది. ముందుకాళ్లెత్తి లేచిన యాళి అనే సింహం పోలికల ఊహాజంతువు, లేదా గుర్రం మీద రౌతు, కింద నలిగే శత్రువు. వీటన్నిటినీ స్తంభంతో కలిపి ఒకే రాతిలో చెక్కారు. కొన్నిచోట్ల పెద్ద స్తంభం చుట్టూ సన్నటి పిల్ల స్తంభాలుంటాయి. హంపి విఠలాలయంలో మీటితే మోగేవని చెప్పేవి అవే. ఇలాంటి స్తంభం ఉన్న మండపాన్ని 15వ శతాబ్దం చివరి కంటే ముందుకు తీసుకుపోవడం కష్టం.

ఇప్పుడు ఆ జానెడు, మూరెడు చోటు. స్తంభం తల మీద నిలిచి దూలాన్ని మోసే అడ్డరాయిని పోతిక అంటారు. రాతి దూలం తన పొడవుకు తగ్గట్టు వంగదు, విరుగుతుంది. పోతిక రెండు వైపులా చేయి చాస్తే దూలానికి ఆసరా లేని పొడవు తగ్గుతుంది. దీన్ని చెక్కకుండా ఉంచినా పని జరుగుతుంది. కాబట్టి దాని కొసను ఎలా తీర్చిదిద్దాలన్నది పూర్తిగా ఆ కాలపు అలవాటు మీద ఆధారపడింది. పైగా అది దూలం బరువు కింద బిగిసి ఉంటుంది. మండపం మొత్తం విప్పకుండా దాన్ని మార్చలేరు. రంగు వేస్తారేమో గాని కొత్త పోతిక పెట్టరు. తేదీ చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్షి దొరకదు. పుదుచ్చేరిలో పనిచేసిన ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రెయి 20వ శతాబ్దం మొదట్లో తమిళ ఆలయాలను కాలక్రమంలో పేర్చింది ఇలాంటి చిన్న భాగాలను వరుసగా పోల్చే.

పోతిక కొస మారిన తీరును పక్క నుంచి కనిపించే గీతగా ఊహించుకుంటే గుర్తుంటుంది. పల్లవుల కాలంలో, అంటే 7, 8 శతాబ్దాల్లో, కొస కిందివైపు మెల్లగా గుండ్రంగా వంగుతుంది. చాపను చుట్టినట్టు వరుస మడతలు కూడా ఉండవచ్చు. చోళుల కాలంలో ఆ గుండ్రదనం పోయి ఏటవాలు కోత వచ్చింది. కొసను 45 డిగ్రీలకు కోసి, ఆ కోత నడుమ నాలుకలా ఒక ముక్కను పొడుచుకొచ్చినట్టు వదిలారు. తిరుపతి, నెల్లూరు వైపు పాత గుళ్ల గోడ మీది అర స్తంభాల్లో ఇది తరచు కనిపిస్తుంది. చోళుల చివరి రోజుల్లో ఆ నాలుక కొంచెం వంపు తిరిగింది. విజయనగర కాలంలో అదే వంపు కిందికి దిగి మొగ్గ అయింది. మొదట్లో, అంటే 14, 15 శతాబ్దాల్లో, మొగ్గ చిన్నది, పోతికను అంటుకునే ఉంటుంది. 16వ శతాబ్దంలో అది విడివడి, రేకులు తొడిగి, కిందికి వేలాడే తామర మొగ్గ అవుతుంది. 17వ శతాబ్దపు నాయక రాజుల మండపాల్లో అరటిపువ్వంత నిండుగా దించేశారు. పుష్పపోతిక అనే పేరు దీనివల్లే వచ్చింది.

ఫోటోలో మొగ్గ వేలాడుతూ కనిపిస్తే ఆ మండపం విజయనగరం కంటే ముందుది కాదు. ఇది ఎంత గట్టి ఆధారమంటే, దీనికి విరుద్ధంగా స్థలపురాణం ఏం చెప్పినా మండపం వరకు పోతిక మాటే వినాలి. గర్భగుడి సంగతి వేరు, అది పాతదై ఉండవచ్చు.

చూరు దీనికి తోడుగా నిలుస్తుంది. విజయనగర మండపం చూరు దళసరిగా, రెండు వంపులతో ఉంటుంది. మొదట కిందికి వాలి, కొసన మళ్లీ కాస్త పైకి లేస్తుంది. అడుగు నుంచి తీసిన ఫోటోలో ఆ చూరు లోపలి వైపు చెక్క వాసాలు పరిచినట్టు గీతలు కనిపిస్తాయి. రాతిలో చెక్కిన వాసాలవి, ఏ బరువూ మోయవు. కాకతీయ మండపానికి ఇంత బరువైన వంపు ఉండదు. మండపం చుట్టూ కూర్చోవడానికి వీలుగా వెనక్కి వాలిన రాతి అరుగు, దాని మీద పొట్టి స్తంభాలు ఉండటం అక్కడి ఆనవాలు.

ఇదంతా ఒక ఫోటో మీద ప్రయోగించి చూద్దాం. హంపికి వెళ్లిన దాదాపు ప్రతి ఒక్కరి దగ్గరా ఉండే ఫోటో ఇది. హేమకూటం గుట్ట మీద నిలబడి ఉత్తరానికి చూస్తూ తీసింది. ముందు చిన్న చిన్న రాతి గుళ్లు, కింద విరూపాక్షాలయ ప్రాకారం, కుడివైపు పెద్ద తూర్పు గోపురం, వెనక తుంగభద్ర అవతల బండరాళ్ల గుట్టలు. ఈ ఒక్క చట్రంలో కనీసం మూడు కాలాలున్నాయి.

ముందున్న గుళ్లతో మొదలుపెడదాం. కప్పు మెట్ల పిరమిడ్. ఒకే మండపానికి మూడు వైపులా మూడు గదులు, మూడు పిరమిడ్లు. గోడలు నునుపు పలకలు, బొమ్మలు లేవు, గోడ నడుమ అడ్డంగా ఒక పట్టీ మాత్రం ఉంది. వేలాడే మొగ్గ లేదు, యాళి లేదు. ఈ పిరమిడ్లు చూసి జైన దేవాలయాలని రాసుకునేవాళ్లు చాలామంది. ఆ పొరపాటుకు కారణం కప్పు ఆకారాన్ని మతానికి గుర్తుగా తీసుకోవడం. మెట్ల పిరమిడ్‌ను ఆ ప్రాంతంలో జైనులూ శైవులూ ఇద్దరూ కట్టించారు. ఇక్కడున్నవి శివాలయాలు. వాటిలో ఒకదాని శాసనం కంపిలి పాలకుడు మూడు లింగాలను ప్రతిష్ఠించిన సంగతి చెబుతుంది. కంపిలి రాజ్యం 14వ శతాబ్దం మొదటి పాదంతో ముగిసింది. అంటే 1336 నాటి విజయనగర స్థాపన కంటే ముందటి గుడి. శాసనం చదవకపోయినా ఫోటో నుంచే "విజయనగర ముద్ర లేదు, దానికి ముందుది కావచ్చు" అనేదాకా వెళ్లగలం. అక్కడ ఆగాలి కూడా.

కింద ప్రాకారంలో తూర్పు వైపు రెండు గోపురాలు కనిపిస్తాయి. పెద్దది తొమ్మిది అంతస్తులు, సుమారు 50 మీటర్లు. లోపల చిన్నది ఒకటి. విమానం పెద్ద గోపురం కంటే చాలా చిన్నది, కాబట్టి గోపురాలు పెరిగిన కాలానిదే ఈ సముదాయం. ఇంతకు మించి గుట్ట మీది ఫోటో ఇవ్వలేదు. పెద్ద గోపురం పైభాగం ఇటుక, గచ్చు. 19వ శతాబ్దంలో మరమ్మతులు చూసిన భాగం అది, దాని బొమ్మల మీద లెక్క కట్టకూడదు. ప్రాకారం లోపల తీసిన రెండో ఫోటో కావాలి. గర్భగుడి ముందున్న రంగమండపం ఫోటో ఉంటే అందులో లేచిన యాళులు, వాటి మీద రౌతులు, స్తంభం తలన వేలాడే మొగ్గలు స్పష్టంగా కనిపిస్తాయి. తీర్పు: 15వ శతాబ్దం చివర నుంచి 16వ శతాబ్దం లోపల. ఆ మండపం పక్కనే నిలిచిన శాసనం కృష్ణదేవరాయలు తన పట్టాభిషేక సందర్భంగా ఈ మండపాన్నీ ముందున్న చిన్న గోపురాన్నీ కట్టించాడని చెబుతుంది, కాలం 1510. మనం చెప్పిన వందేళ్ల పైచిలుకు అంచనాలోనే అది పడింది. పోతిక, యాళి ఇవ్వగల కచ్చితత్వం ఇంతే. సంవత్సరం చెప్పేది శాసనం మాత్రమే.

హంపి నుంచే ఇంకో పాఠం ఉంది. విఠలాలయం ముందున్న రాతి రథం 50 రూపాయల నోటు మీద ఉన్నదే. ఇప్పుడు చూసేవారికి అది చదునైన కప్పుతో పూర్తయిన కట్టడంలా ఉంటుంది. 1856లో గ్రీన్‌లా అనే సైనికాధికారి తీసిన ఫోటోలో దాని మీద ఇటుక శిఖరం ఉంది. తరువాత దాన్ని తీసేశారు. రథం ముందున్న ఏనుగులను దగ్గరగా చూస్తే వాటి వెనక గుర్రాల వెనక కాళ్లు, తోకలు మిగిలి కనిపిస్తాయి. మొదట అక్కడున్నవి గుర్రాలు, ఏనుగులను తరువాత తెచ్చి పెట్టారు. ఫోటోలో లేనిది మొదటినుంచీ లేదని, ఉన్నది మొదటినుంచీ ఉందని అనుకోవడం కాల నిర్ణయంలో తరచు జరిగే తప్పు.

చోటు కూడా మోసం చేస్తుంది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయి రాయి విప్పి ఆలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. ఫోన్ నమోదు చేసిన స్థలం ఆలంపురమే అంటుంది, గుడి మాత్రం నది ఒడ్డున మరో ఊళ్లో పుట్టింది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని కూడా విప్పి, పునాది బాగుచేసి, మళ్లీ నిలబెట్టి 2024లో తెరిచారు. అలాంటి చోట స్తంభం పాతదే అయినా పక్క రాయి నిన్నటిది కావచ్చు. రెండు రాళ్ల రంగు, ఉలి గుర్తులు పోల్చితే ఇది బయటపడుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది పాత పద్ధతిలో కట్టిన కొత్త గుడి. యాదాద్రి ఆలయాన్ని నల్లరాతితో, పాత స్తంభాల పోలికలను తీసుకుని కట్టి 2022 మార్చిలో తెరిచారు. మంచి పని, మంచి రాయి. ఫోటో ఒక్కటే చూస్తే శైలి పేరు చెప్పొచ్చు గాని దాన్ని కాలం పేరుగా తీసుకుంటే ఎనిమిది వందల ఏళ్లు తప్పుతాం. కొత్తదని చెప్పే గుర్తులు శైలిలో దొరకవు, రాయి వయసులో దొరుకుతాయి. పాత స్తంభంలో మనిషి భుజం తగిలే ఎత్తున అంచులు అరిగి గుండ్రబడతాయి, పైన పదునుగా మిగులుతాయి. కొత్తదానిలో అడుగు నుంచి తల దాకా ఒకే పదును. పాత గుమ్మం గడప నడుమ పల్లమవుతుంది. చూరు మీద వాన జారిన చారలు, నాచు నలుపు ఉంటాయి. పాత వరుసలో పక్కపక్క స్తంభాలను పోల్చితే బొమ్మ కొలతల్లో చిన్న తేడాలు తప్పక కనిపిస్తాయి. ఒకే కొలతతో యంత్రం సాయంతో కోసిన వరుసలో ఆ తేడా ఉండదు.

ఇదంతా చేయాలంటే ఫోటోలో పోతిక కనిపించాలి. ఇక్కడ చిన్న లెక్క ఉపయోగపడుతుంది. ఫోన్ తీసే 12 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు సుమారు 4000 చుక్కలు. 20 మీటర్ల వెడల్పున్న మండపం చట్రం నిండా పడితే మీటరుకు 200 చుక్కలు. అర మీటరు పోతికకు 100 చుక్కలు దక్కుతాయి. కొస గుండ్రమా, కోతా, మొగ్గా చెప్పడానికి అది చాలు. అదే ఫోటో వాట్సాప్‌లో మామూలుగా పంపితే పొడవు వైపు 1600 చుక్కల దగ్గరికి కుదించుకుపోతుంది. పోతికకు 40 చుక్కలే మిగులుతాయి, మొగ్గ మచ్చలా మారుతుంది. అందుకని ఎవరైనా ఫోటో పంపి అడిగితే అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపమనడం మొదటి పని.

నీడ ఇంకో ఇబ్బంది. పోతిక చూరు లోపల ఉంటుంది, బయట ఎండ మండుతుంటే ఫోన్ ఎండకు సర్దుకుని లోపలిని నల్లగా వదిలేస్తుంది. ఫోటో ఎడిటింగులో నీడల వెలుగు పెంచితే చాలాసార్లు ఆకారం బయటికొస్తుంది, ఎందుకంటే మనకు కావలసింది చెక్కడం వివరాలు కాదు, అంచు గీత మాత్రమే. అప్పటికీ రాకపోతే మండపం అవతలి వైపు వెలుగుకు అడ్డంగా నల్లగా పడిన పోతికను వెతకాలి. వెలుగుకు ఎదురుగా పడిన నల్లటి ఆకారంలో మొగ్గ మరీ బాగా తెలుస్తుంది.

గుడి దగ్గరే ఉన్నవాళ్లయితే గోపురం ఫోటో ఒకటి తీసుకున్నాక నాలుగు అడుగులు మండపంలోకి నడవడం మేలు. ఒక స్తంభాన్ని పక్క నుంచి, అడుగు నుంచి దూలం దాకా ఒకే ఫోటోలో, ఫోన్ నిలువుగా పట్టుకుని తీయాలి. రెండోది పోతికను జూమ్ చేసి. మూడోది చూరు కింద నిలబడి పైకి చూస్తూ. నాలుగోది గర్భగుడి బయటి గోడ, అర స్తంభం తలతో సహా, ఎందుకంటే మండపం తేదీ గర్భగుడి తేదీ కాదు. రెండు చోట్లా పోతికలు వేరుగా ఉంటే రెండు తేదీలు విడివిడిగా రాసుకోవాలి. గోడ మీద అక్షరాలు కనిపిస్తే వాటిని పక్కనుంచి వెలుగు పడే పొద్దున్నో సాయంత్రమో తీస్తే గాడులు నీడపట్టి చదవడానికి వీలవుతాయి. నడినెత్తిన ఎండలో అదే శాసనం గోడలో కలిసిపోతుంది.